టైఫాయిడ్‌తో మొదలుపెట్టండి: బ్యాక్టీరియా పేపర్‌కి 24 రోజుల చదువు

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. రోగకారక బ్యాక్టీరియా పేపర్‌కి ఇంకా 24 రోజులే ఉంది. సిలబస్‌లో ముప్పైకి పైగా బ్యాక్టీరియాలున్నాయి. చదివేటప్పుడు అన్నీ అర్థమవుతాయి, నాలుగోది చదివేసరికి మొదటిది పోతుంది. బయోకెమికల్ టెస్టుల టేబుల్ అయితే పూర్తిగా కలగాపులగం. ఇంటర్నల్స్‌లో టైఫాయిడ్ ల్యాబ్ డయాగ్నసిస్ నాలుగు పేజీలు రాశాను, పదికి నాలుగే వేశారు. ఎలా చదవమంటారు?
— ఒక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: ఆ నాలుగు పేజీల దగ్గరే మొదలుపెడదాం. టైఫాయిడ్ ప్రశ్నకు మార్కులు పోయే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బ్లడ్ కల్చర్, స్టూల్ కల్చర్, వైడాల్ అని పరీక్షల పేర్లన్నీ వరసగా రాస్తారు. ఏ వారంలో ఏ నమూనా తీయాలి, ఆ వారంలోనే ఎందుకు అన్నది రాయరు. దిద్దేవారు వెతికేది ఆ రెండో మాటనే. మీ మిగతా ఇబ్బందికీ మూలం అక్కడే ఉంది. ముప్పై బ్యాక్టీరియాలను ముప్పై విడి అధ్యాయాలుగా చదివితే ఎవరికైనా కలిసిపోతాయి. ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా కారణాలతో చదవండి, మిగతావాటిని దానితో తేడాలుగా చదవండి. ఆ ఒక్కటీ సాల్మొనెల్లా టైఫీ అయితే మంచిది. రక్తం, మలం, మూత్రం, ఎముక మజ్జ, సీరం, అన్ని నమూనాలూ దీనికి పనికొస్తాయి కాబట్టి ఒక్క రోగంతో ల్యాబ్ మొత్తం తిరిగినట్టవుతుంది. దీనికి మొదటి నాలుగు రోజులు కేటాయించండి. ఎక్కువని భయపడకండి, ఆ సమయం తర్వాత తిరిగొస్తుంది.

మొదటి రోజు టెస్టుల జోలికి పోవద్దు. బ్యాక్టీరియా ఒంట్లో నడిచే దారిని మాత్రమే కాగితం మీద గీయండి. కలుషితమైన నీటితో కడుపులోకి వెళ్తుంది. చిన్నపేగు చివర పేయర్ ప్యాచెస్ మీదున్న ఎమ్ కణాల గుండా లోపలికి దూరుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లు దాన్ని మింగుతాయి కానీ చంపలేవు. వాటి లోపలే కూర్చుని లింఫ్ గ్రంథులు, థొరాసిక్ డక్ట్ దాటి రక్తంలోకి వస్తుంది. ఈ మొదటి రాకలో రోగికి ఏమీ తెలియదు. కాలేయం, ప్లీహం, మజ్జల్లో పెరిగి, సాధారణంగా 7 నుంచి 14 రోజుల తర్వాత రెండోసారి రక్తంలోకి పొంగుతుంది. జ్వరం మొదలయ్యేది అప్పుడే. పిత్తాశయంలో చేరినవి పిత్తంతో కలిసి మళ్లీ పేగులోకి దిగుతాయి. ఒకసారి దెబ్బతిన్న పేయర్ ప్యాచెస్ ఈసారి వాచి పుండ్లవుతాయి. మూడో వారంలో పేగు నుంచి రక్తస్రావం, పేగుకు చిల్లు పడటం అందుకే.

ఈ బొమ్మ గీశాక పుస్తకంలోని వారాల పట్టికను చూడకుండా మీరే రాయగలరు. జ్వరం మొదటి వారంలో బ్యాక్టీరియా రక్తంలో ఉంది, కాబట్టి బ్లడ్ కల్చర్. యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది, కాబట్టి వైడాల్ రెండో వారం నుంచి. పిత్తంతో పేగులోకి దిగాక మలంలో ఎక్కువగా వస్తుంది, కాబట్టి మూడో వారంలో స్టూల్ కల్చర్ బలంగా ఉంటుంది. మూత్రంలో తక్కువగా, అప్పుడప్పుడు మాత్రమే, అదీ ఆలస్యంగా వస్తుంది. బ్లడ్ కల్చర్ పాజిటివ్ అయ్యే అవకాశం మొదటి వారంలో సుమారు 90 శాతం, రెండో వారంలో 75, మూడో వారంలో 60, ఆ తర్వాత 25 అని మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పరీక్షలో ఆ అంకెలే రాయండి. ఆస్పత్రిలో నిజంగా దొరికేది అంతకన్నా తక్కువని గుర్తుంచుకుని, కారణాన్ని ఒక వాక్యంలో చేర్చండి: రోగి వచ్చేసరికే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని రెండు మూడు రోజులు మింగి ఉంటాడు. మజ్జలో దాగినవాటి మీద ఆ మందు అంతగా పనిచేయదు, కాబట్టి అలాంటి రోగిలో బోన్ మ్యారో కల్చర్ ఇంకా పాజిటివ్ రావచ్చు.

రెండో రోజు బ్లడ్ కల్చర్ ఒక్కటే. 5 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి 50 నుంచి 100 మిల్లీలీటర్ల బైల్ బ్రాత్‌లో వేస్తారు. ఈ పదింతలు ఎందుకు? రక్తంలో బ్యాక్టీరియాను చంపే పదార్థాలుంటాయి, పలచబడితే అవి పనిచేయవు. రోగి మందు వాడి ఉంటే అదీ పలచబడుతుంది. పిత్తం ఎందుకు? పిత్తాశయంలో కాపురముండే జీవికి పిత్తం అడ్డం కాదు, పైగా రక్తకణాలు పగిలి వాటి లోపల దాగినవి బయటికొస్తాయి. ఇక్కడే ఇంకో అధ్యాయానికి దారి కనిపిస్తుంది. న్యూమోకాకస్ పిత్తంలో కరిగిపోతుంది, బైల్ సాల్యుబిలిటీ టెస్ట్ దానికదే. అందుకే ఏ జ్వరమో తెలియని రోగి రక్తాన్ని బైల్ బ్రాత్‌లో మాత్రమే వేయడం తప్పు. ఇలా ఒక కారణం పట్టుకుంటే రెండు అధ్యాయాలు కలుస్తాయి, బట్టీ పడితే కలవవు.

మూడో రోజు మీరు కలగాపులగం అన్న బయోకెమికల్ టేబుల్. దాన్ని గోడకు అంటించి చదవడం ఆపేయండి. ఒక్క టీఎస్‌ఐ ట్యూబ్‌ను పూర్తిగా అర్థం చేసుకోండి, సగం టేబుల్ దానంతటదే వస్తుంది.

ట్యూబ్‌లో మూడు చక్కెరలున్నాయి: గ్లూకోజ్ 0.1 శాతం, లాక్టోజ్ 1 శాతం, సుక్రోజ్ 1 శాతం. గ్లూకోజ్ పదో వంతే ఉందన్నది ఇందులో కీలకం. ఫినాల్ రెడ్ ఆమ్లంలో పసుపు, క్షారంలో ఎరుపు. థయోసల్ఫేట్, ఇనుప లవణం ఉన్నాయి కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడితే నలుపు. పైన ఏటవాలుగా ఉన్న స్లాంట్‌కి గాలి తగులుతుంది, అడుగున బట్‌కి తగలదు. ఇప్పుడు సాల్మొనెల్లా టైఫీని లోపలికి గుచ్చి, పైన గీసి, 37 డిగ్రీల్లో పెట్టారనుకోండి. దానికి లాక్టోజ్, సుక్రోజ్ చేతకావు, గ్లూకోజే తింటుంది. మొదటి కొన్ని గంటల్లో ట్యూబ్ మొత్తం పసుపవుతుంది. ఉన్న కాస్త గ్లూకోజ్ అయిపోగానే గాలి తగిలే పైభాగంలో పెప్టోన్‌ని తినడం మొదలుపెడుతుంది. అమ్మోనియా పుట్టి స్లాంట్ తిరిగి ఎర్రబడుతుంది. అడుగున గాలి లేదు కాబట్టి బట్ పసుపుగానే మిగులుతుంది. 18 నుంచి 24 గంటలకు చూస్తే పైన ఎరుపు, కింద పసుపు, గుచ్చిన చోట కొద్దిగా నలుపు, గ్యాస్ బుడగలు లేవు. ఇదీ టైఫీ.

ఇక తప్పులు ఎలా జరుగుతాయో చూడండి, ప్రాక్టికల్ వైవాలో అడిగేవి ఇవే. ఉదయం పెట్టి సాయంత్రానికే చూస్తే టైఫీ కూడా ఈకోలైలా మొత్తం పసుపుగా కనిపిస్తుంది. రెండు రోజులు మరచిపోతే ఈకోలై ట్యూబ్‌లో చక్కెరలన్నీ అయిపోయి స్లాంట్ ఎర్రబడవచ్చు. మూత గట్టిగా బిగిస్తే గాలి అందక, ఎర్రబడాల్సిన స్లాంట్ ఎర్రబడదు. నలుపు మరీ ఎక్కువై అడుగు రంగు కనిపించకపోతే బట్‌ని పసుపుగానే లెక్కించాలి, ఎందుకంటే ఆ నలుపు ఆమ్లం ఉన్నచోటే బాగా ఏర్పడుతుంది.

అదే తర్కాన్ని మిగతావాటికి వర్తింపజేయండి. ఈకోలై లాక్టోజ్ తింటుంది, అది ఒక పట్టాన అయిపోదు, కాబట్టి పైనా కిందా పసుపు, గ్యాస్ కూడా. షిగెల్లా టైఫీ లాగే పైన ఎరుపు, కింద పసుపు, కానీ నలుపు ఉండదు. ప్రోటియస్ నల్లబడి సాల్మొనెల్లాలా మోసం చేస్తుంది, అందుకే పక్కన యూరియా ట్యూబ్ పెట్టాలి. ప్రోటియస్ దాన్ని గులాబీ రంగుకి మారుస్తుంది, సాల్మొనెల్లా మార్చదు. సూడోమోనాస్ చక్కెరలను కిణ్వనం చేయదు కాబట్టి మొత్తం ఎరుపే. విబ్రియో కలరే సుక్రోజ్ తింటుంది కాబట్టి మొత్తం పసుపు, గ్యాస్ లేదు. ఆరు జీవులు, ఒక్క ట్యూబ్. ఇది కాగితం చూడకుండా రాయగలిగితే ఇండోల్, సిట్రేట్ లాంటివి చేర్చుకోవడం సులువు.

నాలుగో రోజు సీరం, మందు, టీకా. వైడాల్‌లో ఓ యాంటీజెన్‌ను గుండ్రటి అడుగున్న ఫెలిక్స్ ట్యూబ్‌లో, హెచ్ యాంటీజెన్‌ను కోనుగా ఉండే డ్రేయర్ ట్యూబ్‌లో పెడతారు. హెచ్ దూదిపింజల్లా వదులుగా, ఓ అడుగున పలుచటి చాపలా గడ్డకడుతుంది. ఓ 1:100, హెచ్ 1:200 లేదా అంతకంటే ఎక్కువుంటే టైఫాయిడ్‌ని అనుమానించాలని మన పుస్తకాల్లో ఉంటుంది. అయితే ఒక్కసారి చేసిన వైడాల్‌తో తేల్చేయకూడదని తప్పక రాయాలి. పాత జ్వరం, టీకా, వేరే ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా టైటర్ ఉండవచ్చు. 7 నుంచి 10 రోజుల తేడాతో రెండు నమూనాలు తీసి నాలుగింతలు పెరిగితేనే అర్థముంది.

టీకా గురించి రాసేటప్పుడు మన ఊరిదే ఉదాహరణగా ఇవ్వండి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసిన టైప్‌బార్ టీసీవీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో ప్రీక్వాలిఫై చేసింది. పేరు కన్నా పనిచేసే తీరు ముఖ్యం. వీఐ అనే పైపొర పాలీశాకరైడ్ ఒక్కటే ఇస్తే టి కణాల సాయం అందదు, రెండేళ్లలోపు పిల్లల్లో పనిచేయదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ ప్రోటీన్‌కి జత చేస్తే పసిపిల్లల్లోనూ రక్షణ వస్తుంది. మందుల విషయంలో ఒక జాగ్రత్త. 2016లో మూడోతరం సెఫలోస్పోరిన్‌లకూ లొంగని ఎక్స్‌డీఆర్ టైఫాయిడ్ హైదరాబాద్‌లో బయటపడిందని చదువుతారు. అది పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్. మన హైదరాబాద్ అని రాస్తే పెద్ద పొరపాటు.

ఐదో రోజు నుంచి తేడాలు. ప్రతి కొత్త బ్యాక్టీరియాకి ఒక చీటీ, దాని మీద ఒకే ప్రశ్న: టైఫీతో పోలిస్తే ఇది ఎక్కడ ఆగుతుంది? మిగతాదంతా ఆ జవాబు నుంచే వస్తుంది. షిగెల్లా పెద్దపేగు లోపలి పొరలోనే ఆగుతుంది, సాధారణంగా రక్తంలోకి పోదు. కాబట్టి బ్లడ్ కల్చర్‌తో పనిలేదు, మలంలో జిగట, రక్తం ఉన్న భాగాన్నే ఏరి స్ట్రీక్ చేయాలి. 10 నుంచి 100 బ్యాక్టీరియాలు చాలు రోగం రావడానికి, అందుకే చేతుల ద్వారా కూడా సులువుగా పాకుతుంది. విబ్రియో కలరే కణాల్లోకి అసలు దూరదు. పేగు గోడకు అంటుకుని టాక్సిన్ వదులుతుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే బ్యాక్టీరియా లేకుండా వడకట్టిన కల్చర్ ద్రవాన్నే కుందేలు పేగు ముక్కలోకి ఎక్కించి, నీరు నిండటం చూపించారు. టాక్సిన్ ఒక్కటే చాలని అలా తేలింది. గోడ చెడదు కాబట్టి మలంలో చీము కణాలు సాధారణంగా కనిపించవు, గంజినీళ్లలా ఉంటుంది. కలరాకి క్షారమంటే ఇష్టం, అందుకే పీహెచ్ 8.6 ఉన్న ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో 6 నుంచి 8 గంటలు పెంచుతారు. రాత్రంతా వదిలేస్తే మిగతావి కూడా అందుకుని ముంచేస్తాయి. తర్వాత టీసీబీఎస్ ప్లేట్ మీద పసుపు కాలనీలు, సుక్రోజ్ తింటుంది కదా.

డిఫ్తీరియా గొంతులోనే ఆగుతుంది, గుండెకూ నరాలకూ వెళ్లేది టాక్సిన్. కాబట్టి గొంతు స్వాబ్ తీయాలి. బ్యాక్టీరియా దొరికినంత మాత్రాన చాలదు, టాక్సిన్ ఉందని ఎలెక్ పరీక్షతో చూపాలి. యాంటీటాక్సిన్ ఇవ్వడానికి మాత్రం ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు. లెప్టోస్పైరాకి టైఫాయిడ్ వారాల లెక్క దాదాపు సరిపోతుంది, మొదటి వారం రక్తం, ఆ తర్వాత మూత్రం. వానాకాలంలో లోతట్టు బస్తీల్లో నిలిచే నీళ్లు గుర్తొస్తే ఆ జీవి మరిచిపోరు. సిఫిలిస్ కారకం మామూలు మీడియా మీద పెరగదు కాబట్టి ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం సీరం పరీక్షలే. క్షయ చాలా నెమ్మదిగా పెరుగుతుంది, లోవెన్‌స్టీన్ జెన్సెన్ మీద కాలనీలకు 2 నుంచి 8 వారాలు పట్టవచ్చు, అందుకే కఫం స్మియర్, జన్యు పరీక్షల ప్రాముఖ్యత.

రోజుల పంపకం ఇలా ఉండనివ్వండి. పేగు బ్యాక్టీరియాలకు 9వ రోజు దాకా. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్‌లకు 10 నుంచి 13. వీటిలో కేటలేజ్ పరీక్షతో రెండు వర్గాలు విడిపోతాయి కానీ ఒక మోసం ఉంది. బ్లడ్ అగార్ నుంచి కాలనీ తీసేటప్పుడు రక్తకణాలు లూప్‌కి అంటుకుంటే, వాటిలోని కేటలేజ్ వల్ల స్ట్రెప్టోకాకస్ కూడా బుడగలిస్తుంది. టాక్సిన్ రోగాలకు 14, 15, క్షయ, కుష్ఠులకు 16, 17. మీడియా మీద పెరగనివాటికి, తక్కినవాటికి 20 దాకా. 21 నుంచి 23 వరకు పాత ప్రశ్నపత్రాలు, గడియారం ఎదురుగా పెట్టుకుని పది మార్కులకు 25 నిమిషాల చొప్పున రాయండి. ప్రతి సాయంత్రం పుస్తకం మూసి ఆ రోజు చీటీలను మళ్లీ రాసి, మర్నాడు పొద్దున ఎర్ర పెన్నుతో సరిచూడండి. ఎరుపు ఎక్కువున్న చీటీనే మళ్లీ తీయండి. అన్నీ మొదటినుంచి తిరగేయొద్దు.

ఇప్పుడు మీ పాత ప్రశ్నను కొత్తగా రాద్దాం. “22 ఏళ్ల యువకుడు, 9 రోజులుగా జ్వరం, మూడు రోజులు యాంటీబయాటిక్ వాడాడు, వైడాల్‌లో ఓ 1:80, హెచ్ 1:160. ఎలా నిర్ధారిస్తారు?” తొమ్మిదో రోజంటే రెండో వారం. రక్తంలో ఇంకా దొరకవచ్చు, కానీ మందు వల్ల అవకాశం తగ్గింది, కాబట్టి తదుపరి డోస్‌కి ముందే ఎక్కువ రక్తం తీయాలి, మలం కూడా పంపాలి. అనుమానం బలంగా ఉండి ఏమీ దొరకకపోతే మజ్జ. ఈ వైడాల్ పాజిటివ్ అనీ కాదు, టైఫాయిడ్ లేదనీ కాదు, వారం పోయాక రెండో నమూనా కావాలి. ఇంతవరకు మూడో వంతు పేజీ.

తర్వాత రోజులవారీగా రాయండి. మొదటి రోజు రక్తం బ్రాత్‌లో. మర్నాడు మెకాంకీ ప్లేట్ మీద సబ్‌కల్చర్. మూడో రోజు లాక్టోజ్ తినని పాలిపోయిన కాలనీలు, గ్రామ్ నెగటివ్ బాసిల్లై, కదలిక ఉంది, ఆక్సిడేజ్ నెగటివ్. అదే రోజు టీఎస్‌ఐ, యూరియా పెట్టాలి. నాలుగో రోజు ఆ ట్యూబులు చదివి, సీరంతో స్లైడ్ అగ్లుటినేషన్: ముందు సెలైన్ చుక్కతో కంట్రోల్, దానిలోనే గడ్డకడితే ఆ పరీక్ష చెల్లదు. తర్వాత ఓ9, ఆపై హెచ్ డి సీరం. అప్పుడే తీసిన టైఫీ ఓ9తో గడ్డకట్టకపోవచ్చు, ఎందుకంటే వీఐ పొర ఓ యాంటీజెన్‌ను కప్పేస్తుంది. వీఐ సీరంతో చూసి, సస్పెన్షన్‌ను మరిగించి చల్లార్చి ఓ9తో మళ్లీ చేయాలి. ఈ ఒక్క వాక్యం రాసే విద్యార్థులు తక్కువ, పైమార్కు దీనికే పడుతుంది. దానితోపాటే మందుల సెన్సిటివిటీ. మొదటి సబ్‌కల్చర్‌లో ఏమీ రాకపోతే బాటిల్ పారేయొద్దు, మళ్లీ మళ్లీ సబ్‌కల్చర్ చేస్తూ కనీసం 7 రోజులు చూశాకే నెగటివ్ అని రాయాలి.

ఇదంతా రెండున్నర పేజీలు దాటదు. శాస్త్రీయనామం దగ్గర మాత్రం తొందరపడొద్దు. సాల్మొనెల్లా కింద గీత గీయాలి, టైఫీ కింద గీయకూడదు, దాని మొదటి అక్షరం పెద్దది. అది జాతి పేరు కాదు, సీరోవార్ పేరు.